తినేటప్పుడు గుర్రుమంటుంది, అయినా ఇల్లు కావాలి

2021 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీలో రాసిన ఒక కుక్క దత్తత ప్రకటన దేశదేశాలు తిరిగింది. ఆ కుక్క పేరు ప్రాన్సర్. చువావా జాతి, రెండేళ్ల వయసు, ఆరు కిలోల బరువు. సెకండ్ ఛాన్స్ పెట్ అడాప్షన్ లీగ్ అనే సంస్థ తరఫున దాన్ని తన ఇంట్లో ఉంచుకుని సాకుతున్న ఒక మహిళ ఆ ప్రకటన రాశారు. మామూలుగా ఇలాంటి వాటిలో కనిపించే ముద్దుమాటలు అందులో లేవు. వీడికి మగవాళ్లంటే పడదు, పిల్లలంటే పడదు, తోటి జంతువులంటే అసలే పడదు అని ఆమె తేల్చి చెప్పారు. మొదట్లో వీడి అసలు గుణం తెలియలేదని, తెలిశాక నెలల తరబడి తనే అవస్థ పడ్డానని కూడా దాచుకోలేదు.

ఆ తర్వాత షరతులు. ఇంట్లో మగవాళ్లు ఉండకూడదు. పిల్లలు ఉండకూడదు. ఇంకో కుక్కా పిల్లీ ఉండకూడదు. ఒంటరి మహిళ గానీ, తల్లీకూతుళ్లు గానీ అయితే బాగుంటుంది. చివర్లో మాత్రం మంచి నాలుగు మాటలు ఉన్నాయి: నమ్మిన మనిషిని వదలడు, ఇల్లు పాడుచేయడు, ఒంటరిగా వదిలి వెళ్లినా గోల చేయడు. వేలమంది నవ్వుకుంటూ దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. అదే నెలలో కనెక్టికట్‌ రాష్ట్రానికి చెందిన ఒక మహిళ ముందుకొచ్చారు. ఆమె ఇంట్లో మగవాళ్లు లేరు, పిల్లలు లేరు, వేరే జంతువులూ లేవు. ప్రాన్సర్ ఆమె దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ ప్రకటన పేరు తెచ్చుకుంది హాస్యం వల్ల. పని చేసింది మాత్రం వేరే కారణంతో. కుక్క నచ్చినవాళ్లందరినీ పిలవకుండా, ఆ కుక్కకు సరిపోయే ఒక్క ఇంటిని అది వెతికింది. దత్తత ప్రకటన చేయవలసిన పని అదే. మన దగ్గర షెల్టర్లు పెట్టే ప్రకటనల్లో కూడా ఇదే ప్రయత్నం ఉంటుంది. కాకపోతే రాసేవాళ్లు క్లుప్తంగా రాస్తారు, చదివేవాళ్లు ఫొటో చూసి ఆగిపోతారు.

హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల తదితరులు మొదలుపెట్టిన బ్లూక్రాస్ మొదలుకొని, విశాఖలోని వీఎస్‌పీసీఏ వరకు, తెలుగు పట్టణాల్లో కుక్కలను దత్తత ఇచ్చే సంస్థలు చాలానే ఉన్నాయి. వీటికి తోడు గాయపడిన కుక్కను ఇంటికి తెచ్చి సాకి, ఎవరికైనా ఇవ్వాలని చూసే విడివిడి మనుషులు ఉన్నారు. వీళ్లందరి ప్రకటనలూ ఇంచుమించు ఒకే అచ్చులో ఉంటాయి. ఉదాహరణకు ఒకటి కల్పించుకుని చూద్దాం.

"పేరు రాగి. ఆడకుక్క. దేశీ జాతి. వయసు సుమారు రెండేళ్లు. ఆపరేషన్ అయింది, టీకాలు వేశాం. మొదట భయపడుతుంది, అలవాటైతే వదలదు. తోటి కుక్కలతో పేచీ లేదు. పిల్లులున్న ఇంటికి ఇవ్వలేం. తినేటప్పుడు గిన్నె దగ్గరికి వస్తే గుర్రుమంటుంది. చిన్నపిల్లలున్న ఇంటికి వద్దు. గొలుసుతో కట్టి ఉంచకూడదు. ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి. అద్దె ఇల్లయితే ఓనరు అనుమతి ఉండాలి. ముందు మావాళ్లు వచ్చి ఇల్లు చూస్తారు. ఏ కారణం చేతనైనా కుదరకపోతే మాకే తిరిగి ఇవ్వాలి."

పట్టుమని పదిహేను వాక్యాలు దాటితే ఎక్కువ. కానీ ప్రతి వాక్యం వెనకా ఒక కథ ఉంటుంది.

ముందు "సుమారు రెండేళ్లు". వీధిలో పుట్టిన కుక్కకు పుట్టినరోజు ఎవరు రాసిపెడతారు? డాక్టర్లు పళ్లు చూసి వయసు కడతారు. నాలుగో నెల నుంచి పాలపళ్లు ఊడటం మొదలై, ఏడో నెలకల్లా గట్టిపళ్లు వచ్చేస్తాయి కాబట్టి అక్కడిదాకా లెక్క బాగానే కుదురుతుంది. ఆ తర్వాత పళ్ల మీద గార, అరుగుదల చూసి చెప్పేదంతా అంచనా. ఎముకలు కొరికి బతికిన కుక్క పళ్లు త్వరగా అరుగుతాయి, దాని వయసు ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే రెండేళ్లంటే ఏడాదిన్నర కావచ్చు, మూడూ కావచ్చు. ఇందులో మోసమేమీ లేదు.

"ఆపరేషన్ అయింది" అంటే పిల్లలు పుట్టకుండా చేసిన శస్త్రచికిత్స. మునిసిపాలిటీ కార్యక్రమంలో ఆపరేషన్ చేసిన వీధికుక్కలకు చెవి కొసన చిన్న కత్తిరింపు ఉంటుంది. ఫొటోలో రాగి చెవి అలా కనిపిస్తే అది కొట్లాటలో తెగింది కాదు, గుర్తు. పెద్ద కుక్క విషయంలో ఈ పని అయిపోయి ఉంటుంది గనక బెంగ లేదు. చిక్కంతా పిల్లలతోనే. రెండు నెలల కూనను ఇచ్చేటప్పుడు, వయసు వచ్చాక ఆపరేషన్ చేయిస్తామని రాయించుకుంటారు. ఆ మాట నిలబెట్టుకోని ఇళ్లు తక్కువేమీ కాదు. ఏడాది తిరగకుండా ఆ కుక్కకే నాలుగైదు పిల్లలు పుట్టి, వాటికి ఇళ్లు వెతికిపెట్టమని అదే షెల్టర్‌కు ఫోన్ వస్తుంది. దత్తత అయిన ఆరు నెలలకు షెల్టర్ నుంచి "ఆపరేషన్ చేయించారా?" అని ఎవరైనా అడిగితే విసుక్కోవడానికి లేదు.

టీకాల గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే కొత్తగా తెచ్చుకున్న కూన వారంలో చచ్చిపోయిందనే ఏడుపు ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. పార్వో అనే వైరస్ కడుపులోకి వెళ్లాక మూడు నుంచి ఏడు రోజుల వరకు పైకి ఏమీ కనిపించకపోవచ్చు. షెల్టర్‌లో గంతులేస్తూ కనిపించిన పిల్లే ఇంటికొచ్చిన నాలుగో రోజున తిండి మానేస్తుంది. తర్వాత వాంతులు, ఆపైన నెత్తురుతో దుర్వాసన వేసే విరేచనాలు. ఆ దశలో గంటలు కూడా లెక్కే. సెలైన్ పెట్టించడం ఆలస్యమైతే పిల్ల దక్కదు. జాగ్రత్తగల షెల్టర్లు కొత్తగా వచ్చిన పిల్లలను రెండు వారాలు విడిగా ఉంచి ఆ తర్వాతే దత్తతకు పెట్టడం దీనికోసమే.

ఆరేడు వారాల వయసులో మొదలయ్యే టీకాను మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా మళ్లీ మళ్లీ వేయాలి. ఒక్క డోసు పడితే "టీకాలు వేశాం" అని రాయడం తప్పు కాదు గానీ, చదివేవాళ్లు ఎన్ని డోసులు అయ్యాయో అడగాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక మొదలవుతుంది. కార్డులో తేదీ, టీకా సీసా స్టిక్కర్, డాక్టర్ సంతకం చూసుకోవాలి. కొన్ని షెల్టర్లు దత్తతకు వచ్చినవారిని ఒక వింత ప్రశ్న అడుగుతాయి: "ఈ మధ్య మీ ఇంట్లో కుక్కపిల్ల ఏదైనా పోయిందా?" పార్వో నేల మీద, గోనెపట్టాల మీద నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్ నీళ్లతో కడగాలి. అలాంటి ఇంటికి టీకాలు పూర్తికాని పిల్లను ఇవ్వరు. అడిగేది అనుమానంతో కాదు, ఇంకో పిల్ల పోకూడదని.

ఇక గుణం. "మొదట భయపడుతుంది, అలవాటైతే వదలదు." ఇందులో రెండో సగం చదివి చాలామంది మురిసిపోతారు, చూసుకోవలసింది మొదటి సగం. భయపడే కుక్క ఇంట్లో ఎలా ఉంటుంది? మంచం కింద దూరుతుంది. రెండు రోజులు తినకపోవచ్చు. మూత్రానికి బయటికి తీసుకెళ్తే గుమ్మం దాటదు, లోపలికి రాగానే మూల చూసుకుని పని కానిస్తుంది. ప్రెషర్ కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడుతుంది. వారం తర్వాత ఒకరోజు, ఎవరూ చూడటం లేదనుకుని, హాల్లోకి వచ్చి ఫ్యాను కింద పడుకుంటుంది. ఈ వారం గడిపే ఓపిక ఇంట్లో ఉందా లేదా అన్నదే ఆ వాక్యం అడుగుతున్న ప్రశ్న.

దీనికి ఎదురుగా ఇంకో పొరపాటు ఉంది. షెల్టర్‌కి వెళ్లినప్పుడు అన్ని కుక్కలూ మొరుగుతుంటే, ఒకటి మాత్రం మూలన కదలకుండా కూర్చుని ఉంటుంది. "ఇది ఎంత నెమ్మదస్తురాలో" అనుకుని దాన్నే ఎంచుకుంటారు. అది నెమ్మది కాకపోవచ్చు, భయంతో బిగుసుకుపోయి ఉండవచ్చు. తేడా పట్టుకోవడం కష్టం కాదు. నిజంగా నెమ్మదైన కుక్క ఒళ్లు వదులుగా ఉంటుంది, చెవులు మామూలుగా ఉంటాయి, మనిషి వస్తే తల తిప్పి చూస్తుంది. బిగుసుకుపోయిన కుక్క తోక కాళ్ల మధ్య ఉంటుంది, చెవులు వెనక్కి అంటుకుని ఉంటాయి, కంటి అంచున తెల్లగుడ్డు కనిపిస్తుంది, ఏమీ తినకపోయినా మాటిమాటికీ మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది.

దగ్గరికి వెళ్లి తల మీద చెయ్యి వేయకుండా, పక్కకు తిరిగి నేల మీద కూర్చుని ఉడికించిన చికెన్ ముక్క ఒకటి దాని వైపు విసిరి చూడాలి. ఆకలిగా ఉన్నా ముక్క ముట్టుకోకపోతే అది లోపల ఎంత హడలిపోతోందో అర్థమవుతుంది. ముక్క తిని, రెండోదాని కోసం ఒక అడుగు ముందుకు వేస్తే మంచి సూచన. ఇంత చిన్న పరీక్షకు పావుగంట పడుతుంది. ఆ పావుగంట ఇవ్వకుండానే ఫొటోలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు చాలామంది.

అసలు షెల్టర్‌లో చూసిన గుణం ఇంట్లో నిలుస్తుందా? దీని మీద పశువైద్య శాస్త్రవేత్తల్లో పెద్ద వాదమే నడిచింది. అమెరికాలో చాలా షెల్టర్లు కుక్కకు వరుసగా పరీక్షలు పెట్టి మార్కులు వేసేవి: అపరిచితుడు వస్తే ఏం చేస్తుంది, ప్లాస్టిక్ చేత్తో గిన్నె లాగితే కరుస్తుందా, బొమ్మ ఇవ్వమంటే ఇస్తుందా. 2016లో గ్యారీ పాట్రొనెక్, జానిస్ బ్రాడ్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఈ పరీక్షలను లెక్కకట్టి చూసి, కుక్క ముందుముందు దుడుకుగా ప్రవర్తిస్తుందా లేదా చెప్పడంలో ఇవి నాణెం ఎగరేయడం కంటే మెరుగేమీ కాదని రాశారు. కొత్త చోటు, కొత్త వాసనలు, చుట్టూ మొరుగుడు, తెలియని మనుషులు ఉన్నచోట పెట్టిన పరీక్షలో తేలేది చాలావరకు కుక్క గుణం కాదు, దాని ఒత్తిడి.

రాగి ప్రకటనలో అందరూ జడుసుకునే వాక్యం దీనికి మంచి ఉదాహరణ: గిన్నె దగ్గరికి వస్తే గుర్రుమంటుంది. అమెరికాలో ఏమీ మార్డర్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో షెల్టర్ పరీక్షలో తిండి దగ్గర గుర్రుమన్న కుక్కలను దత్తత ఇచ్చాక, ఇళ్లలో ఎలా ఉన్నాయో యజమానులను అడిగారు. ఇంట్లో కూడా ఆ గుణం చూపించినవి సగం మాత్రమే. షెల్టర్‌లో ఒక్కసారీ గుర్రుమనని కుక్కల్లో కూడా కొన్ని ఇంటికి వెళ్లాక ఆ పని చేశాయి. పైగా, గుర్రుమనే కుక్కల యజమానుల్లో ఎక్కువమందికి అది పెద్ద సమస్యగా తోచలేదు. పది కుక్కల మధ్య ఒక్క పళ్లెంలో తిన్నప్పుడు గుర్రుమనకపోతే అన్నం దక్కదు. ఇంట్లో తన గిన్నె తనకు రోజూ రెండుపూటలా వస్తుంటే కాపలా కాయాల్సిన అవసరం తగ్గుతుంది.

అలాగని ఆ వాక్యాన్ని కొట్టిపారేయకూడదు. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. దానికి విలువిచ్చే ఇంట్లో చేయవలసింది తేలిక: కుక్కను విడిగా ఒక మూల తిననివ్వాలి, తింటున్నప్పుడు గిన్నె తీయకూడదు, దగ్గరి నుంచి వెళ్లవలసి వస్తే గిన్నెలో ఇంకో మంచి ముక్క వేసి వెళ్లాలి. మనిషి వస్తే తిండి పెరుగుతుందే గానీ తగ్గదని కొన్నాళ్లకు దానికి తెలుస్తుంది. "నేనెవరో దానికి తెలియాలి" అంటూ గిన్నెలో చెయ్యి పెట్టి చూసే మొగుడో బావమరిదో ఉన్న ఇంట్లోనే కుక్క హెచ్చరిక మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది. మూడేళ్ల పిల్లకు ఈ సూత్రాలు చెప్పలేం. చిన్నపిల్లలున్న ఇంటికి వద్దన్న షరతు రాగి మీద చాడీ కాదు. పాకే పిల్ల ముఖం, కుక్క గిన్నె ఒకే ఎత్తులో ఉంటాయి.

"పిల్లులున్న ఇంటికి ఇవ్వలేం" అనేది మాత్రం బతిమాలినా మార్చకూడని షరతు. వీధిలో పిల్లిని తరిమి పట్టిన కుక్కకు ఇంట్లో పిల్లి వేరని నచ్చజెప్పడం అరుదుగా కుదురుతుంది.

చదివేవాళ్లు షెల్టర్‌కు ఫోన్ చేసినప్పుడు అడగవలసిన అసలు ప్రశ్న ఇదే: ఈ గుణాలన్నీ ఎక్కడ చూసి రాశారు, ఎన్నాళ్లు చూసి రాశారు? బోనులో రెండు రోజులు చూసి రాసిన దానికీ, ఎవరి ఇంట్లోనో నెల రోజులు ఉంచుకుని చూసి రాసిన దానికీ చాలా తేడా ఉంది. షెల్టర్‌కు వచ్చిన మొదటి మూడు రోజుల్లో కుక్క ఒంట్లో ఒత్తిడి హార్మోన్ బాగా ఎక్కువగా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. ఆ రోజుల్లో రాసిన మాటలకు అంత విలువ లేదు. ప్రాన్సర్ గురించి అన్ని మాటలు అంత కచ్చితంగా ఉండటానికి కారణం కూడా అది ఇంట్లో బతుకుతూ ఉండగా, దాన్ని రోజూ భరిస్తున్న మనిషి రాయడమే.

గొలుసు షరతు దగ్గర చట్టం కూడా తోడొస్తుంది. జంతు హింస నివారణ చట్టం, 1960, 11వ సెక్షన్ ప్రకారం జంతువును పొట్టి గొలుసుతోనో బరువైన గొలుసుతోనో గంటలకొద్దీ కట్టి ఉంచడం హింస కిందికే వస్తుంది. ఆకలితో మాడిపోయే పరిస్థితిలో వదిలేసి పోవడమూ అంతే. కానీ ఆ సెక్షన్ కింద మొదటిసారి నేరానికి పడే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. ఆటోలో పక్క వీధికి వెళ్లే డబ్బు. అందుకే షెల్టర్లు సొంతంగా ఒప్పంద పత్రం రాయించుకుంటాయి: కట్టేసి ఉంచం, డాబా మీద వదిలేయం, అమ్మం, వేరేవాళ్లకు ఇవ్వం, మీరు అడిగినప్పుడు చూపిస్తాం, షరతు తప్పితే కుక్కను వెనక్కి తీసుకోవచ్చు. ఆ కాగితం పట్టుకుని ఏ షెల్టరూ ఉబలాటంగా కోర్టుకెక్కదు. సంతకం పెట్టమన్నప్పుడు ఎదుటివాళ్లు ఏ షరతు దగ్గర నసుగుతారో చూడటానికే అది ఎక్కువగా పనికొస్తుంది. "పగలంతా గేటు దగ్గర కట్టేస్తాం, రాత్రి వదులుతాం, కాపలాకు కదా" అన్న మాట చాలాసార్లు ఆ కాగితం ముందే బయటపడుతుంది.

2025 ఆగస్టు 22న వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో కూడా దత్తత ప్రస్తావన ఉంది. వీధికుక్కలను పెంచుకోదలచినవాళ్లు మునిసిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని, అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదేనని కోర్టు చెప్పింది. అదే నెలలో జీహెచ్‌ఎంసీ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో దేశీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. మేళాలో పిల్లను ఎత్తుకోగానే మనసు కరిగిపోతుంది. షరతులు చదవడానికి అది మంచి సమయం కాదు, కాబట్టి ఇంటి దగ్గరే చదువుకుని వెళ్లడం మేలు.

"ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి" అన్నది తెలుగు ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినే షరతు. కొడుకు ముచ్చటపడి తెస్తాడు. బీటెక్ అయ్యాక ఎంఎస్‌కని అమెరికా వెళ్తాడు. కుక్క అమ్మ మీద పడుతుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, మూడో అంతస్తు, లిఫ్టు సరిగా పనిచేయదు. అనుభవం ఉన్న షెల్టర్ మనిషి అందుకే ఫోన్‌లో ముందు కుర్రాడితో కాక "అమ్మగారికి ఇవ్వండి బాబూ ఒకసారి" అంటారు. అమ్మ గొంతులో తేడా ఉంటే అక్కడే ఆగిపోతారు. ఇది కుర్రాడికి అవమానంగా తోస్తుంది. కుక్క పన్నెండు పదమూడేళ్లు బతుకుతుంది, కుర్రాడు ఆ ఇంట్లో ఇంకో రెండేళ్లు ఉంటాడేమో.

"నాతోపాటు తీసుకెళ్తా" అనేవాళ్లూ ఉంటారు. సాధ్యమే, కానీ తేలిక కాదు. 2024 ఆగస్టు నుంచి అమెరికా నిబంధనల ప్రకారం దేశంలోకి వచ్చే ప్రతి కుక్కకూ కనీసం ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మనదీ ఉంది. అందువల్ల చిప్ వేశాకే రేబిస్ టీకా వేయించడం, దానికి అధికారిక ధ్రువపత్రం, రక్తపరీక్ష, అక్కడి గుర్తింపు పొందిన కేంద్రంలో ముందే అపాయింట్‌మెంటు వంటివన్నీ సమకూర్చుకోవాలి. రక్తపరీక్ష ఫలితం లేకపోతే అక్కడ క్వారంటైన్‌లో ఉంచాలి. టికెట్ బుక్ చేసుకున్నాక మొదలుపెడితే అయ్యే పని కాదు. నెలల ముందు నుంచే చూసుకోవాలి.

అద్దె ఇంటి సంగతి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మెజారిటీ తీర్మానం చేసినా పెంపుడు జంతువులను నిషేధించలేదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అద్దెకున్నవాళ్లు ఈ మాట పట్టుకుని ధైర్యంగా ఉంటారు గానీ, ఇంటి ఓనరుతో వాళ్లకున్నది వేరే ఒప్పందం. పదకొండు నెలలయ్యాక అగ్రిమెంట్ పొడిగించకపోతే అడగడానికేమీ ఉండదు. కొత్త ఇల్లు వెతికేటప్పుడు "కుక్కుందా? అయితే కుదరదు" అన్న మాట నాలుగు చోట్ల విన్నాక, కుక్క షెల్టర్‌కు తిరిగొస్తుంది. అనుమతి ముందే, వీలైతే కాగితం మీద ఉండాలనడం ఇందుకే. హైదరాబాద్ నగరంలో పెంపుడు కుక్కకు జీహెచ్‌ఎంసీ లైసెన్సు కూడా తీసుకోవాలి.

ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లు సోఫాలూ టీవీలూ చూడరు. బాల్కనీ గ్రిల్ సందులు చూస్తారు, గేటు కింద ఖాళీ చూస్తారు, కుక్క పడుకునే చోటు ఎక్కడో అడుగుతారు. కుక్క తప్పించుకుపోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది కొత్త ఇంట్లో మొదటి రోజుల్లోనే. ఇంకా ఆ ఇల్లు తనదని దానికి తెలియదు. పాలవాడికో కొరియర్ అబ్బాయికో తలుపు తీసిన క్షణంలో దూసుకుపోతుంది. మెడబెల్టు వదులుగా ఉంటే వెనక్కి గుంజుకుని తల బయటికి తీసేస్తుంది. అందుకే మొదటి నెల ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్‌కు ఒక తాడు, మెడబెల్టుకు ఒక తాడు వేసి తిప్పమంటారు. దీపావళి ముందు వారంలో భయస్తురాలైన కుక్కను దత్తత ఇవ్వని షెల్టర్లు ఉన్నాయి, వాళ్లు చేసేది సరైన పని. టపాసుల మోతకు పరుగెత్తిన కుక్కకు వారం కిందట చేరిన ఇంటి దారి గుర్తుండదు.

షరతులన్నీ సమంజసమైనవేనా? కాదు. "సొంత ఇల్లు ఉండాలి", "బ్యాచిలర్లకు ఇవ్వం", "కనీసం ఇంత జీతం ఉండాలి" అని రాసే చోట్లు ఉన్నాయి. కుక్కకు ఏం కావాలో అడగడం మానేసి, మనిషి ఎవరో అడగడం మొదలుపెడితే ఇలాంటివే వస్తాయి. రోజంతా ఇంటి దగ్గరే ఉండే వాచ్‌మన్ కుటుంబం కుక్కను సాకే తీరు, ఉదయం తొమ్మిదికి తలుపేసి రాత్రి ఎనిమిదికి వచ్చే సాఫ్ట్‌వేర్ దంపతుల ఫ్లాట్‌లో దొరకకపోవచ్చు. అమెరికాలో ఈ తప్పు ముందే చేశారు. ప్రహరీ ఉన్న పెరడు లేకపోతే ఇవ్వమనేవారు, ఫీజు కడితేనే విలువ తెలుస్తుందనేవారు. 2009లో ఎమిలీ వైస్, షానన్ గ్రామన్ పిల్లుల దత్తత మీద చేసిన అధ్యయనంలో డబ్బు కట్టి తీసుకున్నవాళ్లకూ ఉచితంగా తీసుకున్నవాళ్లకూ మధ్య మమకారంలో తేడా కనిపించలేదు. ఆ తర్వాత చాలా షెల్టర్లు టిక్కులు పెట్టే ఫారాలు పక్కనపెట్టి, కూర్చోబెట్టి మాట్లాడే పద్ధతికి మారాయి.

మన దగ్గర కూడా మంచి షెల్టర్ మనిషి పట్టుపట్టేది రెండు మూడిటి కోసమే: ఆపరేషన్, గొలుసు, తిరిగి ఇవ్వడం. మిగతావన్నీ మాట్లాడుకుంటే తేలేవే. కరడుగట్టిన శాకాహార ఇల్లయితే కుక్కకు పెరుగన్నంతోనే సరిపెడతారా, గుడ్డయినా బయట వండి పెడతారా అని అడుగుతారు. పెడతామంటే ఇస్తారు.

"కుదరకపోతే మాకే తిరిగి ఇవ్వాలి." ఈ వాక్యాన్ని చదివేవాళ్లు బెదిరింపుగా తీసుకుంటారు, నిజానికి ఇది హామీ. రాగి రెండు వారాల తర్వాత కూడా అత్తగారిని చూసి పళ్లు చూపిస్తూనే ఉంటే, సిగ్గుపడకుండా ఫోన్ చేయవచ్చు. చాలా సమస్యలు ఆ ఫోన్‌లోనే తీరతాయి. తీరకపోతే కుక్క వెనక్కి వెళ్తుంది. ఈసారి దాని ప్రకటనలో ఇంకో నిజమైన వాక్యం చేరుతుంది: "పెద్దవాళ్లున్న ఇంట్లో ఇబ్బంది పడింది." తర్వాతి ఇల్లు దొరకడానికి ఆ వాక్యమే పనికొస్తుంది. తిరిగి ఇవ్వడం తలవంపులనుకుని, రాత్రిపూట కారులో తీసుకెళ్లి ఔటర్ రింగురోడ్డు పక్కన దింపి వచ్చే కుక్కకు ఆ అవకాశం ఉండదు.

పూర్తిగా దత్తతకు మనసు స్థిరపడనివాళ్లు కొద్దిరోజుల ఫాస్టరింగ్ అడగవచ్చు. లీసా గంటర్ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో షెల్టర్ కుక్కలను ఒకటి రెండు రాత్రులు ఎవరి ఇంట్లోనైనా పడుకోనిస్తే ఒత్తిడి హార్మోన్ తగ్గింది, తిరిగి షెల్టర్‌కు రాగానే మళ్లీ మునుపటి స్థాయికి వచ్చింది. అంటే ఆ రెండు రాత్రులు వాటికి నిజంగానే విశ్రాంతి. ఇంట్లో చోటు, పది రోజుల ఖాళీ ఉన్నవాళ్లు దగ్గర్లోని షెల్టర్‌కు ఫోన్ చేసి ఒక భయస్తురాలైన కుక్కను తెచ్చుకుని ఉంచుకోండి. దాన్ని ఉంచేసుకోకపోయినా ఫర్వాలేదు. తిరిగి అప్పగించేటప్పుడు అది మీ ఇంట్లో ఏం తింది, ఎక్కడ పడుకుంది, దేనికి భయపడింది, ఎవరి దగ్గరికి వెళ్లింది అన్నవన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.